స్కూటర్ అరుస్తోంది కానీ పరిగెత్తడం లేదా? బెల్టు, రోలర్లు అరిగాయేమో ఇలా చూసుకోండి

“బండి విపరీతంగా అరుస్తోంది, స్పీడు మాత్రం ఎక్కడం లేదు. ఇంజిన్ పోయిందంటారా?” గేర్లు లేని స్కూటర్ ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. చాలాసార్లు ఇంజిన్‌కు ఏమీ అయి ఉండదు. ఇంజిన్ బలాన్ని వెనక చక్రానికి చేర్చే బెల్టో, ఆ బెల్టును నడిపించే రోలర్లో అరిగి ఉంటాయి. ఆ రెండింటిలో ఏది అరిగిందో తెలుసుకోవడానికి ఒక మార్కర్ పెన్ను, కొలిచే కాలిపర్ ఉంటే సగం పని అయిపోయినట్టే. ఆ పద్ధతే ఇక్కడ చెబుతున్నాను.

లోపల ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో

బండికి ఎడమవైపు ఉండే పొడవాటి కవర్ కింద రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక బెల్టు ఉంటాయి. ఒక్కో పుల్లీ అంటే ఎదురెదురుగా పెట్టిన రెండు పళ్లేలు అనుకోండి. లోపలి ముఖాలు వాలుగా ఉంటాయి. పళ్లేలు దగ్గరైతే మధ్యలో ఉన్న బెల్టు అంచువైపు పైకి ఎక్కుతుంది, దూరమైతే ఇరుసువైపు లోపలికి దిగుతుంది.

ముందు పుల్లీలో ఒక పళ్లెం కదలదు. రెండోది కదులుతుంది, దాని వీపువైపు గాడుల్లో సాధారణంగా ఆరు రోలర్లు ఉంటాయి. దీన్నే వేరియేటర్ అంటారు. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ రోలర్లు బయటికి విసురుకుంటూ వాలు ఎక్కి, కదిలే పళ్లేన్ని ముందుకు తోస్తాయి. దాంతో ముందు బెల్టు పైకి ఎక్కుతుంది. బెల్టు పొడవు మారదు కాబట్టి వెనక పుల్లీ తన స్ప్రింగును నొక్కుకుంటూ తెరుచుకుంటుంది, అక్కడ బెల్టు లోపలికి దిగుతుంది. మొదటి గేరు నుంచి టాప్ గేరుకు వెళ్లడమంటే ఈ బండిలో ఇంతే. వెనక పుల్లీ పక్కనే క్లచ్ ఉంటుంది. బండిని నిలబడ్డ చోటు నుంచి కదిలించడం దాని పని.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. బెల్టు పక్కలు అరిగి సన్నబడితే, ముందు పళ్లేలు పూర్తిగా దగ్గరైనా అది అంచుదాకా ఎక్కలేదు. పళ్లేల వాలు ఎంత ఉంటుందంటే, వెడల్పులో 1 మిల్లీమీటరు తగ్గిన బెల్టు అంచుకు సుమారు 2 మిల్లీమీటర్లు దిగువనే ఆగిపోతుంది. ముందు తక్కువ ఎక్కింది కాబట్టి వెనక కూడా తక్కువే దిగుతుంది. రెండు చోట్లా నష్టమే. టాప్ గేరు పడకుండా మూడో గేరులో పరిగెత్తించినట్టు ఉంటుంది బండి. అరుపు ఎక్కువ, వేగం తక్కువ.

విప్పే ముందు: లోపం ఇక్కడే ఉందా?

వేగం తగ్గిందంటే బెల్టే అని తేల్చేయకండి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, వెనక బ్రేకు పట్టేసినా వేగం తగ్గుతుంది. తేడా చెవికి తెలుస్తుంది. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద పూర్తిగా రేజ్ ఇచ్చి వినండి. ఇంజిన్ మునుపటికంటే పైస్థాయిలో అరుస్తూ స్పీడోమీటరు ముల్లు మాత్రం కింద ఉండిపోతే అనుమానం బెల్టు, రోలర్ల మీదికి వెళ్లాలి. ఇంజినే గొంతు ఎత్తలేక మూలుగుతుంటే ముందు ఫిల్టరు, ప్లగ్గు, పెట్రోలు సరఫరా చూడాలి. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆపి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే బ్రేకు సంగతి తేలిపోతుంది.

ఏ గుర్తు దేన్ని చూపిస్తుందో నా అనుభవంలో ఇలా ఉంటుంది:

- అరుపు పెరిగి, టాప్ స్పీడు నెలనెలా కొద్దికొద్దిగా తగ్గుతోంది: మొదట బెల్టును అనుమానించండి.
- ఒకే వేగంలో వెళ్తుంటే బండి చిన్నగా తోసినట్టు, ఆపినట్టు కుదుపులు. రేజ్ పెంచినా గేరు మారినట్టు సాఫీగా రాదు: రోలర్లు ఒకవైపు చదునైపోయి, దొర్లడం మానేసి ఈడ్చుకుంటున్నాయి.
- నిలబడి ఉన్నప్పుడు ముందువైపు నుంచి ఖడఖడ, రేజ్ ఇవ్వగానే మాయం: రోలర్లు గానీ, వాటి వెనక ప్లేటుకు ఉండే చిన్న ప్లాస్టిక్ గైడ్లు గానీ వదులయ్యాయి.
- కదిలేటప్పుడు మాత్రమే గడగడ వణుకు, 20 దాటాక బాగానే ఉంది: ఇది ఎక్కువగా క్లచ్. రోలర్లు మార్చినా పోదు. అనవసరంగా రోలర్లు మార్పించుకున్నవాళ్లలో ఎక్కువమంది ఈ ఫిర్యాదుతో వచ్చినవాళ్లే.
- కాలిన రబ్బరు వాసన, కీచుమనే శబ్దం, లేదా ప్రతి చుట్టుకీ కవర్‌కు ఏదో తగులుతున్న టపటప: బండి ఆపేయండి. బెల్టు తెగితే ఇంజిన్ తిరుగుతున్నా బండి కదలదు. తెగిన ముక్క క్లచ్ దగ్గర చుట్టుకుంటే వెనక చక్రం పట్టేసే ప్రమాదమూ ఉంది.

కావలసినవి

- కవర్ బోల్టులకు సరిపోయే బాక్స్ పానాలు (ఎక్కువగా 8 లేదా 10 మిల్లీమీటర్ల తలలు ఉంటాయి)
- వెర్నియర్ లేదా డిజిటల్ కాలిపర్
- పర్మనెంట్ మార్కర్ పెన్ను
- బ్రేక్ క్లీనర్, నలుసులు రాలని గుడ్డ, మాస్కు
- మీ బండి సర్వీస్ మాన్యువల్, కనీసం అందులోని బెల్టు వెడల్పు, రోలర్ వ్యాసం పరిమితుల పేజీ
- నట్టు కూడా విప్పాలనుకుంటే పుల్లీని పట్టుకునే హోల్డర్, టార్క్ రెంచ్
- ఒక అట్టముక్క (ఎందుకో కింద చెబుతాను)

మొదటి విడత: కవర్ తీసి చూడటం

1. బండి చల్లారాక సెంటర్ స్టాండ్ వేసి, తాళం తీసి జేబులో పెట్టుకోండి. కవర్ లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేయకండి, సెల్ఫ్ కూడా కొట్టకండి. పుల్లీ వేళ్లను లాగేసుకుంటుంది.

2. కవర్ బొమ్మను అట్టమీద ఉజ్జాయింపుగా గీసి, విప్పిన బోల్టును విప్పిన చోటే గుచ్చండి. కవర్ బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. పొడుగు బోల్టును పొట్టి రంధ్రంలో బిగిస్తే అల్యూమినియం పగులుతుంది. కిక్ రాడ్డు, గాలి గొట్టం, బ్రేక్ కేబుల్ క్లిప్పు అడ్డం వస్తే ముందు ఫొటో తీసి విప్పండి.

3. అన్నీ తీశాక కూడా కవర్ రాకపోతే రబ్బరు సుత్తితో చుట్టూ తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే ప్యాకింగ్ కూర్చునే అంచు గీతలు పడుతుంది. నిజానికి అప్పటికి మీరు ఏదో ఒక బోల్టు మరిచిపోయి ఉంటారు, మళ్లీ లెక్కపెట్టండి.

4. లోపల నల్లటి పొడి ఉంటుంది. అది బెల్టు, క్లచ్ షూల అరుగుదల. నోటితో ఊదకండి, కంప్రెసర్ గాలి కొట్టకండి. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి. పొడి ఉండటం మామూలే. కానీ జిడ్డుగా, నూనెగా తగిలితే ఆగండి. ఇంజిన్ వైపు సీలో, వెనక గేర్‌బాక్సు సీలో కారుతోందని అర్థం. దాన్ని బాగు చేయకుండా కొత్త బెల్టు వేస్తే అదీ జారుతుంది.

5. బెల్టు వెడల్పు కొలవండి. రెండు పుల్లీల మధ్య ఖాళీగా కనిపించే భాగంలో, బెల్టు వీపు దగ్గర (అక్కడే ఎక్కువ వెడల్పు) కాలిపర్ దవడలు నిటారుగా పెట్టండి. రబ్బరు కదా, గట్టిగా నొక్కితే అంకె తగ్గి కనిపిస్తుంది. తాకీ తాకనట్టు ఉంచాలి. ముందు పుల్లీని చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగు చోట్ల కొలవండి. బరువుగా అనిపిస్తే స్పార్క్ ప్లగ్ తీస్తే తేలిగ్గా తిరుగుతుంది. అతి తక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.

6. చాలా బెల్టులకు కొత్తదానికీ, మార్చాల్సిన హద్దుకూ మధ్య తేడా సుమారు 1 మిల్లీమీటరే. అందుకే కంటితో చూసి “బాగానే ఉంది” అనడం కుదరదు. హద్దు అంకె మీ మాన్యువల్‌లోదే వాడండి, పక్కబండిది కాదు. వెడల్పు సరిపోయినా బెల్టు పళ్ల అడుగున పగుళ్లు, పక్కలకు దారాలు లేవడం, ఒక పన్ను ఊడటం కనిపిస్తే ఆ బెల్టు అయిపోయినట్టే.

రెండో విడత: మార్కర్ పరీక్ష

ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. నట్టు విప్పనక్కర్లేదు, కొత్త సామాను కొననక్కర్లేదు.

7. బండి ఆగి ఉన్నప్పుడు ముందు పుల్లీలో బెల్టు లోపలికి దిగి ఉంటుంది. కాబట్టి బయటి పళ్లెం (రెక్కలున్నది) లోపలి ముఖం చాలావరకు కనిపిస్తుంది. దాన్ని బ్రేక్ క్లీనర్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక, బెల్టు దగ్గర నుంచి అంచుదాకా మార్కర్‌తో ఒక నిలువు గీత గీయండి. పళ్లెం తిప్పి ఎదురువైపు ఇంకో గీత.

8. కవర్ బిగించండి. రద్దీ లేని, వేగపరిమితి అనుమతించే రోడ్డు మీద, మీ బండి ఎంత వెళ్లగలదో అంత వేగంలో అర నిమిషం నడపండి. తర్వాత రేజ్ వదిలి మెల్లగా ఆగాలి. వేగంలో ఉండగానే ఇంజిన్ ఆపేస్తే బెల్టు కిందికి తిరిగి రాకుండా మధ్యలోనే ఉండిపోతుంది, అప్పుడు గీత సరిగా కనిపించదు.

9. చల్లారాక మళ్లీ కవర్ తీయండి. బెల్టు ఎంతవరకు ఎక్కిందో అంతవరకు గీత చెరిగిపోయి ఉంటుంది. చెరగకుండా మిగిలిన ముక్కను అంచు నుంచి కొలవండి.

ఇప్పుడు రెండు అంకెలూ కలిపి చూడాలి. బెల్టు వెడల్పు హద్దు కిందికి వచ్చేసింది, గీత కూడా మిగిలింది అంటే మొదట బెల్టు మార్చాలి. బెల్టు వెడల్పు బాగానే ఉంది, అయినా గీత చాలా మిగిలింది అంటే పళ్లేలు పూర్తిగా దగ్గరవడం లేదు. తప్పు రోలర్లదో, గైడ్లదో, కదిలే పళ్లెం జారే బుష్షు మీద పేరుకున్న మురికిదో. గీత అంచు దగ్గర వరకు చెరిగింది, అయినా వేగం లేదు అంటే బెల్టు తన పని చేస్తోంది. మీరు ఇంజిన్, బ్రేకు, క్లచ్ వైపు చూడాలి.

మూడో విడత: రోలర్లు తీయడం

10. ముందు పుల్లీ నట్టు విప్పాలి. దానికి ముందు, నట్టు బయట ఇరుసు మర ఎంత కనిపిస్తోందో ఫొటో తీసుకోండి. పుల్లీని హోల్డర్‌తోనే పట్టుకోండి. రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ అడ్డం పెడితే రెక్క విరుగుతుంది, పుల్లీ బ్యాలెన్స్ పోతుంది. హోల్డర్ లేకపోతే ఈ ఒక్క నట్టునూ షెడ్డులో విప్పించి, తిరిగి బిగింపు కూడా అక్కడే చేయించుకోవడం మేలు. అందులో చిన్నతనమేం లేదు.

11. బయటి పళ్లెం, బెల్టు పక్కకు తీశాక, వేరియేటర్‌ను లాగేటప్పుడు వెనకనున్న ప్లేటును కూడా వేళ్లతో పట్టుకుని ఒకే ముద్దగా బయటికి తీయండి. ప్లేటు వదిలేస్తే రోలర్లు కిందపడతాయి, ఏది ఏ గాడిలో ఎటువైపు తిరిగి ఉందో తెలియదు. ప్లేటు ఎత్తగానే ఫొటో తీయండి. కొన్ని రోలర్లకు ఒకవైపు లోహం కనిపిస్తుంది, రెండోవైపు ప్లాస్టిక్ మూసి ఉంటుంది. ఆ దిశ మారకూడదు.

12. ఒక్కో రోలరును ఏటవాలుగా పెట్టిన గాజుపలక మీద దొర్లించండి. మంచిది సాఫీగా దొర్లిపోతుంది. చదునైనది రెండు చుట్లు తిరిగి, చదునైన వైపు రాగానే టక్కున కూర్చుంటుంది. వేలితో తడిమినా ఆ అంచు తగులుతుంది. కాలిపర్‌తో వ్యాసం కొలిచేటప్పుడు తిప్పుతూ కొలవండి. చదును భాగం మీద వచ్చే తక్కువ అంకే లెక్క.

13. రోలర్లు మారిస్తే సెట్టు మొత్తం మార్చాలి, బరువు పాతవాటి అసలు బరువే ఉండాలి. అరిగిన రోలరును తూచి అదే బరువు కొనకండి, అది ఇప్పటికే కొంత పోగొట్టుకుంది. తేలికవి వేస్తే ఇంజిన్ ఎక్కువ అరిచి పికప్ చురుగ్గా అనిపిస్తుంది, బరువైనవి వేస్తే అరుపు తగ్గి పికప్ మందగిస్తుంది. లోపం వెతికేటప్పుడు ఈ ప్రయోగాలు పెట్టుకుంటే ఏది దేనివల్ల వచ్చిందో తెలియకుండా పోతుంది.

14. గాడుల్లో చేతివేలికి తగిలే గుంతలు ఉంటే కొత్త రోలర్లు కూడా త్వరగా చదునవుతాయి. అప్పుడు వేరియేటర్ కూడా మార్చాలి. మాన్యువల్ ప్రత్యేకంగా చెబితే తప్ప గాడుల్లో గ్రీజు పెట్టకండి. అది వేడికి కరిగి బెల్టు మీదికి చిందుతుంది.

తిరిగి బిగించేటప్పుడు జరిగే పెద్ద తప్పు

15. బెల్టు మీద బాణం గుర్తు ఉంటే అది తిరిగే దిశవైపు ఉండాలి. ఇప్పుడు అసలు సంగతి. వెనక పుల్లీ పళ్లేలను రెండు చేతులతో విడదీసి, బెల్టును అక్కడ వీలైనంత లోపలికి నొక్కండి. అప్పుడు ముందువైపు బెల్టు వదులుగా వేలాడుతుంది. ఆ వదులు ఉండగానే బయటి పళ్లేన్ని ఇరుసు పళ్లమీద చివరిదాకా కూర్చోబెట్టి నట్టు వేయాలి.

ఇది చేయకపోతే బెల్టు బిగుతుగా ఉండి రెండు పళ్లేల మధ్య నలుగుతుంది. నట్టు గట్టిగా బిగిసినట్టే చేతికి తెలుస్తుంది, కానీ బయటి పళ్లెం బుష్షును ఆనుకుని ఉండదు. బండి కొంచెం దూరం వెళ్లగానే బెల్టు సర్దుకుంటుంది, నట్టు వదులవుతుంది, పళ్లెం ఊగుతూ ఇరుసు పళ్లను తినేస్తుంది. నేను నేర్చుకునే రోజుల్లో నా సొంత బండికే ఇలా చేసుకున్నాను. రెండు రోజులకు కవర్ లోపల నుంచి గణగణ మొదలైంది. బాగు చేయించిన ఖర్చు ఆరు బెల్టులకు సరిపోయేది.

సరిచూసుకోవడం తేలిక. నట్టు వేశాక ఇరుసు మర పాత ఫొటోలో ఉన్నంతే బయటికి కనిపించాలి. ముందు బెల్టు వదులుగా కదలాలి. మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు బిగించాక పుల్లీని చేత్తో పది చుట్లు తిప్పండి. వెనక స్ప్రింగు బెల్టును మెల్లగా పైకి తెచ్చుకుని, వదులు పోతుంది.

16. రెండు పుల్లీల ముఖాలు బ్రేక్ క్లీనర్‌తో చివరిసారి తుడిచి కవర్ వేయండి. చేతి జిడ్డు కూడా చాలు, మొదటి కిలోమీటరులోనే కీచుమంటుంది.

ఒక బండి లెక్క

ఈమధ్య ఒక స్నేహితుడి 110 సీసీ స్కూటర్ చూశాను. 24,000 కిలోమీటర్లు తిరిగింది. మునుపు చదునులో 80 వెళ్లేది, ఇప్పుడు 66 దగ్గర ఆగిపోతోంది. షెడ్డులో కార్బొరేటర్ కడిగారు, ప్లగ్ మార్చారు, తేడా రాలేదు. రేజ్ ఇస్తే ఇంజిన్ మాత్రం గొంతెత్తి అరుస్తోంది. అంటే ఇంజిన్‌లో శక్తి ఉంది, రోడ్డుకు చేరడం లేదు.

మాన్యువల్ ప్రకారం కొత్త బెల్టు 18 మిల్లీమీటర్లు, హద్దు 17. నాలుగు చోట్ల కొలిస్తే అతి తక్కువ 16.8 వచ్చింది. మార్కర్ గీత అంచు నుంచి 7 మిల్లీమీటర్లు చెరగకుండా మిగిలింది. బెల్టు అరుగుదల 1.2 మాత్రమే. దానికి రెండున్నర మిల్లీమీటర్ల దాకా తగ్గొచ్చు. కొత్త బెల్టుతో కూడా అంచు దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లు మిగలడం మామూలే. ఆ రెండూ కలిపినా 7 రాదు. కాబట్టి బెల్టు ఒక్కటే కాదు, పళ్లేలు కూడా పూర్తిగా మూసుకోవడం లేదు.

నట్టు విప్పితే విషయం తేలింది. 16 మిల్లీమీటర్ల రోలర్లలో నాలుగు 15.3కు చదునయ్యాయి. గాజు మీద పెడితే దొర్లనే లేదు. గాడులు నునుపుగానే ఉన్నాయి, వేరియేటర్ మార్చలేదు. ముందు రోలర్లు, గైడ్లు మాత్రం మార్చి, పాత బెల్టుతోనే మళ్లీ గీత గీసి నడిపించాం. మిగిలింది 4. తర్వాత కొత్త బెల్టు వేస్తే ఒకటిన్నరకు వచ్చింది, వేగం 79. మామూలుగా రెండూ ఒకేసారి మార్చేస్తాం, అదే సులువు కూడా. ఆరోజు ఏది ఎంత దోషో చూడాలని విడివిడిగా చేశాం.

కవర్ మూసే ముందు దాని లోపలివైపు మార్కర్‌తో మూడు అంకెలు రాశాను: ఆరోజు ఓడోమీటరు, కొత్త బెల్టు కొలత, రోలర్ల బరువు. చాలా బండ్లకు బెల్టు మార్పు 20,000 నుంచి 25,000 కిలోమీటర్ల దగ్గర చెబుతారు. కొండదారులు, ఇద్దరు ముగ్గురి బరువు, దుమ్ము ఉంటే అంతదాకా రాదు. అందుకే ఆ బండిని ఇంకో 12,000 తిరిగాక ఒకసారి తెచ్చి కొలిపించుకోమన్నాను.